దిగేకొద్దీ బరువు

కొండ ఒళ్లు విరుచుకున్న సంగతి ఐలా కెటునెన్‌కి చెవులకంటే ముందు పళ్లకి తెలిసింది. పై పళ్లు, కింది పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఆ తరవాతే చప్పుడు. దాని వెనకే దుమ్ము. దుమ్ములోంచి ఒనెజిమ్ లషాపెల్ గొంతు, తిట్లూ దేవుడి పేర్లూ ఏకంగా కలిపేసి.

సడ్‌బరీ గనుల్లో ఇలాంటి కుదుపులు కొత్తేమీ కాదు. లోపల్నించి ఇంత రాయి తోడేస్తే మిగిలిన రాయి ఊరుకుంటుందా? ఎప్పుడో ఒకప్పుడు సర్దుకుంటుంది. కానీ ఇది సర్దుకోవడంలా లేదు, పగబట్టినట్టుంది. ఐలా దీపం ఇటు తిప్పితే లిఫ్టు దిగే నిలువు షాఫ్టు వైపు సొరంగం మూసుకుపోయింది. అటు తిప్పితే పైనించి బళ్లు దిగే కొత్త వాలుదారి వచ్చి కలిసే చోటూ మూసుకుపోయింది. మధ్యలో ఒనెజిమ్, ఎడమకాలి మీద బల్లంత రాయి.

ఆ రాయిని ఇనప గడ్డపారతో ఎలా లేపిందో ఆవిడకే తెలీదు. లేపింది. ఆయన నడుముకున్న బెల్టు ఊడదీసి తొడ మీద బిగించింది. చంకల కింద చేతులేసి ఈడ్చుకుంటూ భోజనాల గదిలోకి తీసుకొచ్చి పడేసింది. గనిలో భోజనాల గదంటే మామూలు రోజుల్లో డబ్బాలు విప్పుకునే చోటు, ఆపద రోజున ప్రాణాలు దాచుకునే చోటు. ఇనప తలుపు, బెంచీలు, నీళ్ల పీపా, గొట్టంలోంచి సన్నగా ఊదే గాలి, గోడకి చేత్తో తిప్పే ఫోను. తలుపు సందుల్లో బంకమట్టి కూరాలి, పైవాళ్లొచ్చి తట్టేదాకా కదలకూడదు. అది అక్కడి కట్టుబాటు.

ఐలా ఫోను తిప్పింది. పైన గని అధికారి మర్డో ఎత్తాడు.

"ఇద్దరం ఉన్నాం. ఒనెజిమ్ కాలు నలిగింది. రక్తం ఆపాను గానీ కింద పాదం చల్లబడిపోతోంది."

"కదలకండి ఐలా గారూ. రక్షణ దళం బయల్దేరింది. కెప్టెన్ మీ తమ్ముడే. వాలుదారి వైపు కుప్ప చిన్నది, అటునించి రాళ్లెత్తే పెద్ద లోడరు దింపుతున్నాం. రెండు గంటల్లో మీ దగ్గరుంటాం."

"షాఫ్టు వైపు?"

"అటు కుప్ప చాలా పొడుగు. తెల్లారుతుందో, మళ్లీ పొద్దు గుంకుతుందో. ఆ మాటెందుకు, వాలుదారి ఉందిగా. మీరే గట్టిదని చెప్పారుగా."

అవును, చెప్పింది. ఐలా పనే అది. ఒక పెట్టెలాంటి యంత్రం ఉంటుంది, భూమి మనల్ని ఎంత బలంగా లాగుతోందో దాని లోపలి స్ప్రింగు చెబుతుంది. ఎంత సున్నితమంటే, కింద బోలు ఉంటే కాస్త తక్కువ చూపిస్తుంది, బరువైన ఖనిజం ఉంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. గనివాళ్లు దాన్ని కాఫీ డబ్బా అంటారు. ఈ గనిలో తాతల నాటి తవ్వకాలు కొన్ని ఎక్కడున్నాయో పటాల్లో లేవు. అందుకని కొత్త వాలుదారి మీద బరువైన బళ్లు తిప్పే ముందు, ఐలా ఆ పెట్టె మోసుకుంటూ పైనించి కిందదాకా కొంత దూరానికో మెట్టు అనుకుని, మెట్టుమెట్టుకీ ఆగి చదివింది. బోలు ఏమీ లేదు, పైపెచ్చు కిందికి పోయేకొద్దీ బరువైన ఖనిజం ఉన్నట్టుంది అని తేల్చింది. ఆ మాటకి ఆఫీసులో కేకు కోశారు. మర్డో కళ్లు తుడుచుకున్నాడు. మూతపడుతుందనుకున్న గని కదా మరి.

ఇవాళ ఆ ఖనిజం ఎటు సాగిందో చూద్దామనే ఒనెజిమ్‌ని తోడు తీసుకుని దిగింది. ఖనిజం మాట దేవుడెరుగు, ఇద్దరూ బిరడా బిగించిన సీసాలో ఈగల్లా మిగిలారు.

"అమ్మాయ్," అన్నాడు ఒనెజిమ్ బెంచీ మీద పడుకుని. ఆయనకి అరవై దాటాయి, పింఛనుకి దగ్గర పడ్డాడు. ముఖం పిండిముద్దలా తెల్లబడింది, నోరు మాత్రం ఎప్పటి నోరే. "నా డబ్బాలో మాంసం రొట్టె ఉంది. మా ఆవిడ చేసింది. తిను. నేను చచ్చాక తింటే పాపం, బతికుండగా తింటే పుణ్యం."

"నోర్ముయ్ బాబాయ్."

"మూసుకుంటే నొప్పి వినపడుతోందే. ఏదో ఒకటి మాట్లాడు. నీ కాఫీ డబ్బా గురించి చెప్పు."

ఐలా ఆయన పాదం పట్టుకుని చూసింది. మంచుగడ్డలా ఉంది. గది గోడలు ఇంకాస్త దగ్గరికి జరిగినట్టు అనిపించింది. గాలి గొట్టం సన్నగా ఈల వేస్తోంది. ఆ ఈల ఆగితే? ఆగదు, ఆగదు అనుకుంది. నెత్తి మీద కిలోమీటరు మందం రాయి ఉంది. పాతికేళ్లుగా దిగుతున్నా ఆ మాట ఇలా గుండె మీద కూర్చోవడం ఇదే మొదటిసారి.

"అడుగు మరి. ఏం చెప్పాలి?"

"చిన్నప్పుడు బళ్లో ఫాదరీ చెప్పాడు. భూమి నడిబొడ్డుకి పోతే మనిషికి బరువే ఉండదట. అంటే ఇక్కడ నేను కొంచెం తేలికయ్యానా? మా ఆవిడకి చెప్పాలి, లావయ్యావు లావయ్యావు అని ప్రాణం తీస్తోంది."

ఐలాకి నవ్వొచ్చింది. ఇదే లెక్క కిందటి నెల తమ్ముడి కూతురు సారాకి వంటింటి బల్ల దగ్గర చెప్పింది. సారాకి పరీక్ష. బల్ల మీద ఏలకుల రొట్టె, కాఫీ, ఒక ఉడికించిన బంగాళాదుంప.

"సారాకి చెప్పినట్టే చెప్తా విను. బడి పుస్తకంలో భూమి ఉంటుందే, అది బంగాళాదుంప లాంటిది. తొక్క నుంచి నడుమ దాకా ఒకటే పదార్థం, ఒకటే బరువు. నువ్వు లోపలికి దిగావనుకో. నీకంటే పైనున్న పొర అంతా ఒక డొల్ల బంతి లాంటిది. అది నిన్ను అన్ని పక్కలకీ లాగి, చివరికి ఎటూ లాగనట్టే అవుతుంది. ఒకదానికొకటి చెల్లు. నీ కాళ్ల కింద మిగిలిన చిన్న దుంపే నిన్ను లాగేది. దిగేకొద్దీ ఆ దుంప చిన్నదవుతుంది. సగం దారి దిగితే సగం బరువు, నడిబొడ్డున సున్నా."

"ఫాదరీ నిజమే చెప్పాడన్నమాట! మరి పైకెక్కితే? విమానంలో?"

"పైకెక్కినా తగ్గుతుంది. అయితే దుంప అంతే ఉంటుంది, నువ్వు దాని నడుముకి దూరమవుతావు. నేలకి దగ్గర్లో అయితే, కిలోమీటరు దిగితే ఎంత తగ్గుతుందో, కిలోమీటరు ఎక్కితే దానికి రెండింతలు తగ్గుతుంది. ఇంకా ఎక్కి ఎక్కి, భూమి నడుమ నుంచి నేల ఎంత దూరమో నేల నుంచి అంత ఎత్తుకి పోయావా, పావు వంతు బరువే మిగులుతుంది."

"అయితే దిగినా తగ్గుతాను, ఎక్కినా తగ్గుతాను. నేల మీదే లావన్నమాట. ఆవిడ అదృష్టం అది! సరే, ఇప్పుడిక్కడ ఎంత తగ్గాను?"

"ఇక్కడ తగ్గవు బాబాయ్. అది పుస్తకం భూమి. నిజం భూమి బంగాళాదుంప కాదు, పీచ్ పండు. పైన మెత్తటి కండ, లోపల రాయిలాంటి టెంక. మన చుట్టూ ఉన్న ఈ రాయి భూమి మొత్తం సగటు బరువులో సగమే. దిగేకొద్దీ నువ్వు వదిలేసేది తేలిక కండని, దగ్గరయ్యేది బరువైన టెంకకి. అందుకని ఇక్కడ నువ్వు ఒక వెంట్రుక బరువు పెరుగుతావు గానీ—"

ఆగిపోయింది.

"గానీ?" అన్నాడు ఒనెజిమ్.

ఐలా ఆ మాటే మనసులో మళ్లీ అనుకుంది.

పెరుగుతావు. అవును, గనిలో దిగేకొద్దీ పెరుగుతుంది. అది నిద్రలో లేపి అడిగినా చెప్పే మాట. మరి వాలుదారి లెక్కలో తను ఏం పెట్టింది?

ఆ లెక్క కట్టింది సారాకి పాఠం చెప్పిన మర్నాడే. అదే బల్ల మీద, ఇంకా రొట్టె పొడి తుడవకుండానే. దిగిన ప్రతి మీటరుకీ మామూలుగా ఎంత మారాలో ముందు అంత తీసెయ్యాలి, తీసేశాక మిగిలిందే కింద ఉన్న వింత. ఆ 'మామూలుగా ఎంత' దగ్గర ఆవిడ చెయ్యి సారా లెక్కే వేసింది. దిగితే తగ్గాలి అని. బంగాళాదుంప భూమి లెక్క. వేలు అలవాటుగా కదిలింది, బుర్ర కాఫీ తాగుతోంది.

"అమ్మాయ్, రంగు మారిపోయావేం? కాలు పోయింది నాది."

"ఒక్క నిమిషం బాబాయ్."

యంత్రం మూల పడి ఉంది, దుమ్ము కొట్టుకుని. వెలిగించింది. పాత చదువులన్నీ దాని కడుపులోనే ఉంటాయి. సుద్దముక్క తీసుకుని ఇనప తలుపు మీద అంకెలు వెయ్యడం మొదలెట్టింది. యంత్రం కొలతలో చెప్పాలంటే ఈ రాయిలో మీటరు దిగితే ఏడుకి పైచిలుకు పెరగాలి. తను పెట్టింది పదిహేనుకి పైచిలుకు తగ్గాలని. రెండూ కలిపి మీటరుకి ఇరవై మూడు దగ్గర తేడా. దిగిన ప్రతి మీటరుకీ లేని బరువు ఇరవై మూడు చొప్పున పోగుపడింది. అదే ఆఫీసులో కేకు కోయించిన ఖనిజం!

ఎంత నున్నగా పెరిగిందో గుర్తొచ్చింది. బద్దపెట్టి గీత గీసినట్టు. ఖనిజం ఎక్కడన్నా గీత గీసినట్టు పెరుగుతుందా? ఉబ్బుతుంది, తగ్గుతుంది, పక్కకి పారిపోతుంది. నున్నటి గీత కనపడితే అనుమానపడాలని కొత్తగా పనిలోకొచ్చే పిల్లలకి తనే చెబుతుంది. కానీ ఆ రోజు అందరికీ ఖనిజం కావాలి. తనకీ కావాలి. కావాలనుకున్నది కళ్లెదుట కనపడితే తడిమి చూసేదెవరు?

సరైన లెక్కతో ఒక్కొక్కటే తీసేసింది. మొదటి మెట్టు, దాదాపు సున్నా. రెండోది సున్నా. మూడోది సున్నా. ఖనిజమూ లేదు, ఏమీ లేదు. ఉత్త రాయి. సరే, ఖనిజం లేకపోతే పోయె, దారన్నా గట్టిదే కదా అనుకుంది.

అప్పుడొచ్చింది వాలుదారి మలుపు తిరిగే పెద్ద వంపు.

అక్కడ పెరగాల్సినంత పెరగలేదు. పక్క మెట్టు దగ్గరైతే అసలు పెరగడమే మానేసింది. దాని తరవాతి మెట్టు నుంచి మళ్లీ మామూలే. తప్పుడు లెక్కలో అది నిటారు గీత మీద చిన్న గరుకులా కనపడితే, పక్కనే ఏ చిన్న బండో పోయినప్పుడు చదివానేమో అని తనే చెరిపేసింది. ఇప్పుడు చదునైన నేల మీద గొయ్యిలా కనపడుతోంది. ఆ వంపు కింద రాయి లేదు. తాతల తవ్వకం ఉంది, ఇల్లంత బోలు.

ఇన్నాళ్లూ దాని మీద నడిచింది మనుషులూ చిన్న బళ్లే. ఇప్పుడు, కొండ అంత కుదుపు కుదిపాక, ఏనుగంత లోడరు వేసుకుని తమ్ముడు రేనో వస్తున్నాడు.

ఫోను దగ్గరికి దూకింది. హ్యాండిలు మీద చెయ్యి వేసి, అక్కడే ఆగింది.

ఎందుకాగిందంటే, వెనకనించి ఒనెజిమ్ మూలుగు వినపడింది. వాలుదారి వద్దంటే షాఫ్టు వైపే మిగులుతుంది. ఆ కాలు అప్పటిదాకా ఉండదు. కాలుతో పోతుందా, మనిషి కూడా పోతాడా? పోనీ, తన లెక్క ఇప్పుడైనా నిజమేనా? ఒకసారి తప్పిన చెయ్యి. దుమ్ము తిని, భయం తిని, సుద్దముక్కతో తలుపు మీద వేసిన లెక్క. అది తప్పయితే ఆయన్ని ఉత్తపుణ్యానికి చంపినట్టే. నిజమై చెప్పకపోతే తమ్ముణ్ణి చేజేతులా గోతిలో తోసినట్టే. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆవిడకి నుయ్యీ గొయ్యీ రెండూ అదే గదిలో ఉన్నాయి, తలుపుకి బయటనించి గడియ.

"ఏమిటమ్మాయ్ ఆ అంకెలు?"

చెప్పేసింది. దాచడానికి ఆ గదిలో చోటెక్కడుంది? నిలబడి, గోడకేసి చూస్తూ, తప్పు ఎక్కడ జరిగిందో, వంపు కింద ఏముందో, వద్దంటే ఎంతసేపు పడుతుందో, అన్నీ చెప్పేసింది.

ఒనెజిమ్ తల తిప్పి తలుపు మీది అంకెల వంక చూశాడు.

"బంగాళాదుంప వల్ల," అన్నాడు.

"అవును."

"నేను చిన్నప్పట్నించీ చెబుతూనే ఉన్నా, దుంప కూర మంచిది కాదని." కళ్లు మూసుకున్నాడు. "ఇంకా అక్కడ నిలబడ్డావేం? నా కాలికి అరవై ఏళ్లు, చూడాల్సిన డాన్సులన్నీ చూసింది. వాడికి నలభై కూడా లేవు, ఇంట్లో ఆడపిల్ల ఉంది. తిప్పవే ఫోను!"

తిప్పింది.

"మర్డో గారూ, లోడరు ఆపండి. పెద్ద వంపు దాటనివ్వకండి. దాని కింద బోలు ఉంది."

"ఐలా గారూ, మీరే కదా రాసిచ్చింది, కింద ఖనిజమని?"

"తప్పు రాశాను."

"చూడండి, మీరు బాగా బెదిరిపోయి ఉన్నారు. చీకట్లో, గాయపడ్డ మనిషి పక్కన..."

"బెదిరే ఉన్నాను. అంకె బెదరదు. దిగితే పెరగాల్సిన చోట తగ్గాలని పెట్టాను. ఖనిజం లేదు మర్డో గారూ. ఎక్కడా లేదు. అదంతా నా తప్పే పోగుపడి అలా కనపడింది." ఆ మాట అంటుంటే కేకు కోసిన కత్తి కళ్లముందు మెరిసింది. "రేనోని కలపండి."

కరకరమని రేడియో. ఆ కరకర వెనక లోడరు ఇంజను ఘోష.

"అక్కా! వచ్చేశాం, వంపుకి కాస్త ఎగువనే ఉన్నాం. బాబాయ్ ఎలా ఉన్నాడు?"

"ఆగు. అక్కడే ఆగు, ఇంజను ఆపు."

"ఇప్పుడేంటే?"

"సారాకి దుంపతో లెక్క చెప్పాను, గుర్తుందా? పక్కనే కూర్చుని రొట్టె తింటూ వెక్కిరించావు."

"గుర్తుంది. దుంప నేనే తినేశా."

"ఆ లెక్కే వాలుదారికి వేసేశానురా. వంపు కింద డొల్ల. నా మాట నమ్మకు, ఇవాళ నా మాట నేనే నమ్మట్లేదు. చేతి డ్రిల్లు ఉందిగా. నడుముకి తాడు కట్టుకుని, పైనించి నడిచిపోయి వంపులో ఒక్క కన్నం వెయ్యి. రాయి తగిలితే వచ్చెయ్యి, నన్ను జన్మంతా తిట్టు."

ఇంజను ఆగింది.

తరవాత ఎంతసేపైందో ఐలా లెక్కపెట్టలేదు. ఫోను చెవికి అతుక్కుపోయింది. డ్రిల్లు మోత దూరంగా, దంతాల డాక్టరు దగ్గర పక్క గదిలో వినపడినట్టు. రాయి గట్టిగానే ఉంది. మోత మారట్లేదు. ఇంకా గట్టిగానే ఉంది. ఐలా కళ్లు ఒనెజిమ్ పాదం మీద పడ్డాయి, వేళ్లు నల్లబడుతున్నాయి. తప్పు చేశానా? మళ్లీ తప్పు చేశానా? ఈ గంటన్నా ఆయనకి మిగిల్చి ఉండాల్సిందేమో.

మోత ఒక్కసారిగా పైకి లేచి, తేలిపోయింది, చక్రం గాల్లో తిరిగినట్టు.

"అక్కా." రేనో గొంతు సన్నగా ఉంది. "కడ్డీ జారిపోయింది. సాంతం. కన్నంలోంచి గాలి కొడుతోంది. కుళ్లిన చెక్క వాసన."

తాతల నాటి దూలాల వాసన. ఐలా ఫోను నోటికి దగ్గరగా పట్టుకుంది.

"మనుషుల్ని వెనక్కి రమ్మను," అంది. "మెల్లిగా. ఒక్కొక్కళ్లే."

"వస్తున్నాం. షాఫ్టు వైపు నుంచి మొదలెడతాం. అక్కా... చాలాసేపు పడుతుంది."

"తెలుసు."

"బాబాయ్‌కి చెప్పు..."

"విన్నాను లేరా," అని బెంచీ మీంచి కేకేశాడు ఒనెజిమ్. "వచ్చేటప్పుడు వేడి కాఫీ తే! మీ అక్క పెట్టె పేరుకే కాఫీ డబ్బా, అందులో చుక్క లేదు!"

ఆ తరవాత ఎదురుచూపే మిగిలింది. ఎదురుచూపుకి కథేముంటుంది? దీపం ఆదా చెయ్యాలని ఒకటే వెలిగించుకున్నారు. ఐలా మాంసం రొట్టె రెండు ముక్కలు చేసింది, ఆయన తినలేదు. నిద్రపోనివ్వకుండా పెళ్లి నాటి కథలు అడిగింది, ఆయన అవే రెండుసార్లు చెప్పాడు, రెండోసారి పెళ్లికూతురు తొడుక్కున్న గౌను రంగు మారింది. ఒక దశలో ఆయన మాట ముద్దకట్టింది. ఐలా ఆ తల ఒళ్లో పెట్టుకుని, తలుపు మీది సుద్ద అంకెలు చూస్తూ కూర్చుంది. సున్నా, సున్నా, సున్నా, గొయ్యి. చెరిపెయ్యాలనిపించలేదు.

గీరుడు మొదట ఎలుక అనుకుంది. ఎలుక కాదు, ఇనుము. రాయి మీద ఇనుము. షాఫ్టు వైపు నుంచి.

పంజరం లాంటి లిఫ్టులో పైకెళ్లేటప్పుడు స్ట్రెచరు మీద ఒనెజిమ్, పక్కన ఐలా, ఎదురుగా మసిబారిన ముఖంతో రేనో. మోకాలి కింద నిలవదని డాక్టరు ఫోనులోనే చెప్పాడు. ఒనెజిమ్‌కి ఆ సంగతి తెలుసు. తెలిసినట్టు ఎవరూ మాట్లాడలేదు. రేనో మాత్రం అక్క భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు.

"అమ్మాయ్," అన్నాడు ఒనెజిమ్ కళ్లు తెరవకుండానే. "పైకెళ్తుంటే తేలికవుతున్నానా?"

"అవుతున్నావు బాబాయ్."

"ఎంత?"

ఐలా నోటి దాకా అంకె వచ్చింది. ఈసారి వెంటనే అనలేదు. వేళ్ల మీద ఒకసారి, మనసులో మరోసారి వేసుకుంది. పీచ్ పండు, టెంక, కండ.

"వెంట్రుకంత," అంది.